ఎపిసోడ్ ఉంది, వెతికితే రావట్లేదు: టైటిల్ తప్పా, నోట్స్ తప్పా?

గుంటూరు మైకు (మంగళవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మిర్చి రైతుల కోసం నేనూ మా తమ్ముడూ కలిసి ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. ఇప్పటికి 38 ఎపిసోడ్లు అయ్యాయి. నిన్న ప్రత్తిపాడు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, నల్ల తామర పురుగు మీద ఒక సైంటిస్టుతో మాట్లాడించానన్నావుగా, అరగంట నుంచి వెతుకుతున్నా, ఎక్కడా రావట్లేదు" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. నా ఫోన్లో వెతికితే మొదటే వచ్చింది. వాడి ఫోన్లో మాత్రం రాదు.

ఆ ఎపిసోడ్ టైటిల్ ఇది:

"ఎపిసోడ్ 14: ఎర్రబంగారం కన్నీళ్ళు"

నోట్స్ ఇవి: "నమస్కారం! మా కార్యక్రమానికి స్వాగతం. ఈసారి ఒక ప్రత్యేక అతిథితో ఎంతో ఆసక్తికరమైన చర్చ. మిర‌ప రైతులు తప్పక వినాల్సిన ఎపిసోడ్. మమ్మల్ని ఫాలో అవ్వండి, షేర్ చేయండి." దాని కింద మా సోషల్ మీడియా లింకులు, వాట్సాప్ గ్రూపు లింకు. 38 ఎపిసోడ్లకీ ఇదే వరస.

42 నిమిషాల ఎపిసోడ్ అది. ఆయన పురుగును ఎలా గుర్తుపట్టాలో చెప్పారు, పూతలో ఎందుకు దాక్కుంటుందో చెప్పారు, నీలం జిగురు అట్టలు ఎక్కడ కట్టాలో చెప్పారు. 2021లో మా చుట్టుపక్కల ఎన్ని తోటలు పీకేశారో నాకు తెలుసు. అవసరమైన రైతుకు ఈ మాట అందకపోతే మేం రికార్డు చేసి ఏం లాభం? ఎక్కడ సరిచేసుకోవాలో చెప్పండి.

బెంజ్‌సర్కిల్ శ్రీను (మంగళవారం, రాత్రి 10:05)

అన్నా, ఇది కీవర్డ్స్ సమస్య. నోట్స్ చివర మిర్చి, మిరప, చిల్లీ, గుంటూరు, తేజ, 334, యార్డు, రేటు, పురుగు, మందులు, ఇలా యాభై మాటలు కామాలు పెట్టి రాసెయ్. ఫీడులో `<itunes:keywords>` అని ఒకటి ఉంటుంది, అందులో కూడా పెట్టు. ఆథర్ పేరు దగ్గర కూడా "గుంటూరు మిర్చి వ్యవసాయం" అని తగిలించు. ఎవరు ఏది కొట్టినా మీదే వస్తుంది.

ప్రసన్న, తెనాలి (మంగళవారం, రాత్రి 10:31)

నాదీ ఇదే గొడవ కాబట్టి చెబుతున్నా. నేను పిల్లల కథలు చెబుతాను. పోయిన వేసవిలో టైటిల్స్ అన్నీ బాగాలేవని పన్నెండు ఎపిసోడ్లు డిలీట్ చేసి, కొత్త పేర్లతో మళ్ళీ అప్‌లోడ్ చేశాను. అప్పటిదాకా ఉన్న ప్లేల లెక్క సున్నాకి పడిపోయింది. ఫాలో అవుతున్న తల్లులందరికీ ఒకే రోజు పన్నెండు నోటిఫికేషన్లు వెళ్ళాయి. కొన్ని యాప్‌లలో పాతవీ కొత్తవీ రెండూ కనపడ్డాయి. దయచేసి తొందరపడి డిలీట్ చేయకండి. ఎందుకలా అయిందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

కృష్ణలంక వేణి (మంగళవారం, రాత్రి 11:20)

నేను ఆరేళ్ళుగా పాడ్‌కాస్ట్ ఫీడ్లు చూసే పని చేస్తున్నాను. ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ప్రసన్న గారి సంగతి. ప్రతి ఎపిసోడుకీ ఫీడులో `<guid>` అని ఒక గుర్తింపు ఉంటుంది. యాప్‌లు ఎపిసోడును గుర్తుపెట్టుకునేది దానితోనే, పేరుతో కాదు. మీరు డిలీట్ చేసి మళ్ళీ ఎక్కించినప్పుడు కొత్త గుర్తింపు వచ్చింది, యాప్ దృష్టిలో అది వేరే ఎపిసోడ్. అదే హోస్టింగ్ డాష్‌బోర్డులో ఎడిట్ నొక్కి పేరు ఒక్కటే మార్చి ఉంటే గుర్తింపు అలాగే ఉండేది, లెక్కలూ పోయేవి కావు. మైకు గారూ, మీరు అలాగే చేయండి. మార్చాక యాప్‌లు ఫీడును మళ్ళీ చదవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఒక రోజు ఆగి చూడండి.

శ్రీను గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. వినేవాళ్ళు వాడే మాట మన దగ్గర ఉండాలి, అది ఖాయం. కానీ ఆ మాట ఎక్కడ ఉందనేదే అసలు విషయం. `<itunes:keywords>` ని ఆపిల్ ఎప్పుడో వదిలేసింది, అందులో ఏం పెట్టినా పట్టించుకోదు. ఆథర్ పేరులో, టైటిల్లో మాటలు కుక్కితే షోను తీసేయవచ్చని ఆపిల్ తన నియమాల్లోనే హెచ్చరిస్తుంది. ఆథర్ దగ్గర మీ పేరు, తమ్ముడి పేరు మాత్రమే ఉంచండి.

సెర్చ్ ఎలా పనిచేస్తుందో ఆపిల్ చెప్పుకునేది మూడు సంగతులు: షో పేరు, ఎపిసోడ్ పేరు లాంటి వివరాలు; ఎంతమంది వింటున్నారు; సెర్చ్‌లో కనపడ్డాక జనం దాన్ని నొక్కుతున్నారా లేదా. మొదటిది ఒక్కటే పూర్తిగా మన చేతిలో ఉంది. మీ ఎపిసోడ్ 14 టైటిల్లో "మిర్చి" లేదు, "పురుగు" లేదు, "తామర" లేదు. మీ మేనల్లుడు కొట్టిన మూడు మాటల్లో ఒక్కటీ అక్కడ లేదు. నోట్స్‌లోనూ లేదు. యంత్రానికి అది పురుగు గురించిన ఎపిసోడ్ అని తెలియడానికి ఆధారమే లేదు.

మీ ఫోన్లో మొదటే రావడానికి కారణం మీరు ఆ షో ఫాలో అవుతున్నారు, రోజూ తెరుస్తున్నారు. మన ఫోన్లో వెతికి తృప్తి పడకూడదు. ఆ షో ఎప్పుడూ వినని వాళ్ళ ఫోన్ తీసుకుని చూడండి. ఆపిల్ మటుకైతే బ్రౌజర్లో ఇది కొట్టి చూడవచ్చు, దీనికి అకౌంటు అక్కర్లేదు:

```
https://itunes.apple.com/search?term=నల్ల+తామర+పురుగు&media=podcast&entity=podcastEpisode&country=in
```

చివర `country=in` మరిచిపోతే అమెరికా స్టోరులో వెతుకుతుంది. వచ్చినదాంట్లో `resultCount` పక్కన అంకె చూడండి.

ఉండవల్లి కిరణ్ (బుధవారం, ఉదయం 6:50)

ఇంత కష్టం ఎందుకండీ? ఇప్పుడు ఆపిల్ వాళ్ళే మాటలన్నీ ట్రాన్స్‌క్రిప్టుగా మారుస్తున్నారు కదా. మనం లోపల "తామర పురుగు" అని ఇరవైసార్లు అన్నాం, అది చాలదా?

కృష్ణలంక వేణి (బుధవారం, ఉదయం 8:15)

కిరణ్ గారూ, ఆ సదుపాయం 2024 మార్చిలో ఐఓఎస్ 17.4 తో వచ్చింది. మొదలుపెట్టింది ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషలతో. తెలుగు అందులో లేదు. దాన్ని నమ్ముకుని టైటిల్ వదిలేయలేం. మన రైతుల్లో చాలామంది ఆండ్రాయిడ్ ఫోన్లలో వేరే యాప్‌లలో వింటారు కూడా.

పాత రేడియో శర్మ (బుధవారం, ఉదయం 10:30)

నేను చాలా ఏళ్ళు విజయవాడ రేడియోకి స్క్రిప్టులు రాశాను. ఒక మాట చెప్పనివ్వండి. "ఎర్రబంగారం కన్నీళ్ళు" అనేది మంచి శీర్షిక. ఆ రైతు ఏం పోగొట్టుకున్నాడో అందులో ఉంది. దాన్ని తీసేసి "మిర్చిలో పురుగు నివారణ" అని పెడితే అది ఎరువుల కొట్టు ముందు బోర్డులా ఉంటుంది. పేరు చూడగానే వినాలనిపించాలి కదా. అన్నీ యంత్రం కోసమే రాస్తే మనిషి కోసం ఎవరు రాస్తారు?

కృష్ణలంక వేణి (బుధవారం, ఉదయం 11:05)

శర్మ గారూ, మీ మాట నాకు అర్థమవుతోంది. కానీ రేడియోలో పేరుకు ముందు ఒక మనిషి గొంతు ఉండేది. "ఇప్పుడు పొలం పనుల కార్యక్రమం" అని చెప్పాక శీర్షిక వచ్చేది. ఇక్కడ ఆ గొంతు లేదు. తోటలో ఆకులు ముడుచుకుపోయి, పూత రాలిపోతుంటే రైతు ఫోన్ తీసి కన్నీళ్ళు అని వెతకడు, పురుగు పేరే కొడతాడు. ఆ శీర్షికను పారేయమనట్లేదు, ముందు విషయం పెట్టి, దాని వెనక శీర్షిక ఉంచమంటున్నాను. జాబితాలో టైటిల్ చివర కోసేస్తారు కాబట్టి ముందున్న నాలుగైదు మాటలే నికరం.

గుంటూరు మైకు (బుధవారం, మధ్యాహ్నం 1:20)

పొద్దున మేనల్లుడితో మాట్లాడి, వాడు అక్షరం అక్షరం ఏం కొట్టాడో స్క్రీన్‌షాట్లు పెట్టమన్నాను. మూడు పెట్టాడు. ఒకటి తెలుగులో "నల్ల తామర". రెండోది ఇంగ్లీషు అక్షరాల్లో `mirchi nalla purugu`. మూడోది `black thrips mirchi`, పురుగుమందుల కొట్టాయన ఆ పేరే చెప్పాడట.

సరేనని టైటిల్ ఇలా మార్చాను: "మిర్చిలో నల్లతామర పురుగు: పూతలోనే పట్టుకోవడం ఎలా". ఎపిసోడ్ నంబరు కూడా తీసేశాను.

కృష్ణలంక వేణి (బుధవారం, మధ్యాహ్నం 2:10)

నంబరు తీసేయడం మంచి పని. దానికి ఫీడులో `<itunes:episode>` అని వేరే చోటు ఉంది. "ఎపిసోడ్ 14" అని ముందు పెడితే అసలు మాట వెనక్కి పోతుంది.

ఒకటి సరిచేయండి. "నల్లతామర" అని కలిపి రాశారు. మేనల్లుడు "నల్ల తామర" అని విడిగా కొట్టాడు. మనకు రెండూ ఒకటే, కానీ చాలా సెర్చ్‌లకు ఖాళీతో విడిపోయినవే మాటలు. కలిపి రాస్తే "తామర" అనే మాట అక్కడ లేనట్టే. జనం ఎలా కొడతారో అలా విడగొట్టండి.

మన భాషలో ఇంకో చిక్కు విభక్తులు. ఇంగ్లీషులో మాట పెద్దగా మారదు. మనకు పురుగు, పురుగులు, పురుగుకి, పురుగుల్ని అని మారుతూనే ఉంటుంది. "పురుగు" అని కొడితే "పురుగుకి" దొరకవచ్చు, మొదటి అక్షరాలు కలుస్తాయి కాబట్టి. కానీ "ఇల్లు" అని కొడితే "ఇంటికి" దొరకదు, మాట మొదలే మారిపోయింది. అందుకే ముఖ్యమైన మాట టైటిల్లో ఒక్కసారైనా ప్రత్యయం లేకుండా ఉండాలి. మీ టైటిల్లో "పురుగు" అలాగే ఉంది. "మిర్చిలో" కూడా పర్వాలేదు.

బెంజ్‌సర్కిల్ శ్రీను (బుధవారం, సాయంత్రం 5:45)

వేణి అక్కా, కీవర్డ్స్ సంగతి ఒప్పుకున్నా. మరి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళ సంగతేంటి? మా ఫ్రెండ్స్‌లో తెలుగు కీబోర్డు వాడేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరూ `mirchi` అనే కొడతారు.

కృష్ణలంక వేణి (బుధవారం, సాయంత్రం 6:30)

ఇక్కడ శ్రీనూ, నీ మాటే కరెక్టు. తెలుగు లిపిలో ఉన్న "మిర్చి"ని `mirchi` తో కలిపి చూస్తుందని ఏ యాప్‌లోనూ నమ్మకం పెట్టుకోలేం. కానీ తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మారిస్తే ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, `tamara` అని ఒకరు, `thamara` అని ఒకరు. అన్నీ పెట్టలేం. అందరూ ఒకేలా రాసే మాట ఏదో చూసి అదొక్కటి పెట్టాలి. ఇక్కడ అది `Black Thrips`, కొట్టాయన చెప్పేదీ అదే.

నేనైతే ఇలా పెడతాను:

```
మిర్చిలో నల్ల తామర పురుగు (Black Thrips): పూతలోనే పట్టుకోవడం ఎలా
```

రెండు లిపులు ఉండటం చూడటానికి కొంచెం ఇబ్బందే. ప్రతి ఎపిసోడుకీ చేయమనను. వినేవాళ్ళు నిజంగా రెండు పేర్లతో వెతికే విషయాలకే.

ఫీడును మీరే సైటులో నడుపుతున్నట్టయితే `<title>`, `<itunes:title>` రెండూ మారాయో లేదో చూసుకోండి. ఒకటే మారిస్తే ఒక యాప్‌లో కొత్త పేరు, ఇంకోదాంట్లో పాత పేరు కనపడుతుంది. డాష్‌బోర్డు వాడేవాళ్ళకు చాలాసార్లు ఒకే పెట్టె రెంటినీ మారుస్తుంది.

గుంటూరు మైకు (గురువారం, రాత్రి 8:50)

నిన్న రాత్రి టైటిల్ అలా మార్చాను. నోట్స్ కూడా తిరగరాశాను. మొదటి రెండు వాక్యాలు ఇవి:

"మిర్చి పూతలో నల్ల తామర పురుగు చేరితే పూత రాలిపోతుంది, కాయ వంకర తిరుగుతుంది. పూవును తెల్ల కాగితం మీద దులిపి పురుగును ఎలా గుర్తుపట్టాలో, నీలం జిగురు అట్టలు ఏ ఎత్తులో కట్టాలో, ఎప్పుడు మందు కొట్టకుండా ఉండటం మంచిదో విశ్రాంత శాస్త్రవేత్త ఒకరు వివరిస్తున్నారు."

దాని కింద టైములు ఇచ్చాను, 00:00 నుంచి మొదలుపెట్టి. 06:10 గుర్తుపట్టడం, 17:45 అట్టలు, 29:20 మందులు. లింకులన్నీ అట్టడుగుకి పంపాను. "నమస్కారం, స్వాగతం" తీసేశాను, అది ఎలాగూ గొంతుతో చెబుతాం.

ఈరోజు మేనల్లుడు వెతికితే "నల్ల తామర" కి వచ్చింది, `black thrips` కి కూడా వచ్చింది. వాడు వెంటనే ఫోన్ చేశాడు, నాకు చాలా సంతోషం వేసింది. కానీ ఒకటి అర్థం కాలేదు. "మిరప" అని కొడితే మాత్రం ఎక్కడా రావట్లేదు. నోట్స్ మధ్యలో "మిర‌ప రైతులు తప్పక వినాల్సిన" అనే పాత వాక్యం అలాగే ఉంచాను. టైటిల్లో లేదు కాబట్టా?

కృష్ణలంక వేణి (గురువారం, రాత్రి 9:25)

కావచ్చు. చాలా యాప్‌లు నోట్స్‌ను టైటిలంత గట్టిగా చూడవు. కానీ ఇంకో అనుమానం వచ్చింది. ఆ వాక్యం మీరే టైపు చేశారా, ఎక్కడినుంచైనా కాపీ చేశారా?

గుంటూరు మైకు (గురువారం, రాత్రి 9:40)

తమ్ముడు రాశాడు. పాత కరపత్రం నుంచి తీసుకున్నాడట. అది అను ఫాంటులో ఉంటే కన్వర్టర్లో వేసి యూనికోడ్ చేశాడు.

కృష్ణలంక వేణి (గురువారం, రాత్రి 10:15)

అనుకున్నాను. మీ మొదటి పోస్టులోంచి ఆ మాట తీసుకుని చూశాను. "మిర" కీ "ప" కీ మధ్య కంటికి కనపడని ఒక అక్షరం ఉంది, U+200C. పాత ఫాంట్ల నుంచి మార్చేటప్పుడు కొన్ని కన్వర్టర్లు దాన్ని ఎక్కడపడితే అక్కడ వదిలేస్తాయి. చదివేవాళ్ళకు తేడా తెలీదు, అచ్చం "మిరప" లాగే కనపడుతుంది. దాన్ని తీసేయకుండా వెతికే యాప్‌కి మాత్రం అది వేరే మాట.

గుర్తుపట్టడం తేలికే. కంప్యూటర్లో కర్సర్‌ను ఆ మాట ముందు పెట్టి, కుడివైపు బాణం మీట ఒక్కొక్కసారి నొక్కండి. ఒక చోట మీట నొక్కినా కర్సర్ కదలకుండా నిలబడిందంటే అక్కడ ఏదో ఉన్నట్టు. అన్ని ఎడిటర్లూ అలా ఆగవు కాబట్టి అనుమానం ఉన్న మాటను మొత్తం చెరిపేసి చేత్తో మళ్ళీ టైపు చేయడమే నయం. ఒక్క జాగ్రత్త, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో అదే అక్షరం సరైన చోట కావాలని ఉంటుంది. దాన్ని ఊడబీకకండి.

ఇక నోట్స్‌ను ఏ యాప్ చదువుతోందో తెలుసుకోవాలంటే ఊహించక్కర్లేదు. "జిగురు అట్టలు" అనే మాట మీ టైటిల్లో లేదు, నోట్స్‌లోనే ఉంది. రెండు రోజులాగి ప్రతి యాప్‌లోనూ ఆ రెండు మాటలే కొట్టండి. మీ షో ఫాలో కాని ఫోన్లోనే సుమా.

ప్రసన్న, తెనాలి (శుక్రవారం, ఉదయం 7:30)

వేణి గారూ, నా పన్నెండింటికీ ఇప్పుడు పాత గుర్తింపు తిరిగి ఇచ్చే దారి ఏమైనా ఉందా?

కృష్ణలంక వేణి (శుక్రవారం, ఉదయం 9:00)

కొన్ని హోస్టింగులు గుర్తింపును మార్చనిస్తాయి, చాలావి ఇవ్వవు. కానీ ఇన్ని నెలల తర్వాత మారిస్తే మళ్ళీ కొత్తవిగా కనపడే ప్రమాదం ఉంది. ఇప్పుడున్న వాటికీ వినేవాళ్ళు చేరి ఉంటారు. నేనైతే కదపను.

పాత రేడియో శర్మ (శుక్రవారం, మధ్యాహ్నం 12:40)

నోట్స్ కొత్త రూపం చదివాను. "పూవును తెల్ల కాగితం మీద దులిపి" అన్న చోట ఆగిపోయాను, చాలా బాగుంది. అది నేను మెచ్చుకున్న శీర్షిక చేయలేని పని చేసింది, ఒప్పుకుంటాను. కానీ టైటిల్లో బ్రాకెట్లు, ఇంగ్లీషు అక్షరాలు చూస్తే నాకు ఇంకా మనసొప్పట్లేదు. "ఎర్రబంగారం కన్నీళ్ళు" అనే పేరు ఎపిసోడ్ మొదట్లో గొంతుతో చెప్పండి, కనీసం అక్కడైనా బతకనివ్వండి.

గుంటూరు మైకు (ఆదివారం, సాయంత్రం 4:15)

శర్మ గారూ, తప్పకుండా. అది మా నాన్న వాడే మాట కూడా.

పరీక్ష చేశాను. మా వదిన ఫోన్లో మూడు యాప్‌లలో "జిగురు అట్టలు" కొట్టాం. ఒకదాంట్లో రెండో ఫలితంగా వచ్చింది. రెండోదాంట్లో మాది కాకుండా ఇంకేవో వచ్చాయి. ఆపిల్లో మీరిచ్చిన లింకులో ఆ మాటలు పెట్టి చూస్తే `resultCount` పక్కన సున్నా. అంటే అక్కడ మాకు టైటిలే దిక్కు.

"మిరప" ని చేత్తో టైపు చేశాక నోట్స్ వెతికే యాప్‌లో వస్తోంది. మిగతా రెంటిలో రావట్లేదు. టైటిల్లో "మిర్చి", "మిరప" రెండూ పెట్టాలా అని ఆలోచించాం, వద్దనుకున్నాం. మా వైపు రైతు మిర్చి అనే అంటాడు.

మిగతా 37 ఎపిసోడ్లు ఒక్కసారిగా మార్చట్లేదు. రైతులు ఫోన్ చేసి అడిగే విషయాలున్న తొమ్మిది ముందు మారుస్తున్నాం. వాటిలో ఒకటి కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టాలా, వెంటనే యార్డుకి తోలాలా అన్నది. దాని పేరు దగ్గరే ఆగిపోయాను. "కోల్డ్ స్టోరేజీ" అని పెట్టాలా, "శీతల గిడ్డంగి" అనా?

ఉండవల్లి కిరణ్ (ఆదివారం, సాయంత్రం 5:00)

"శీతల గిడ్డంగి" పేపర్లో చదువుతాం తప్ప ఎవరూ కొట్టరండీ. మా బాబాయి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాడు. అక్కడ అందరూ "ఏసీ" అనే అంటారు. "ఏసీలో పెట్టిన సరుకు" అంటారు.

కృష్ణలంక వేణి (ఆదివారం, సాయంత్రం 5:30)

ఇది నాకు తెలియని మాట, కిరణ్ గారూ, బాగా చెప్పారు. కానీ "ఏసీ" అని ఒక్కటే పెడితే ఇంట్లో పెట్టుకునే ఏసీల ఎపిసోడ్లతో కలిసిపోతుంది. "మిర్చి" పక్కనే ఉండాలి. మైకు గారూ, టైటిల్లో "మిర్చి కోల్డ్ స్టోరేజీ" పెట్టి, నోట్స్ మొదటి వాక్యంలో "ఏసీలో పెట్టిన సరుకు" అనండి. మేనల్లుడు ఏం కొడతాడో ముందే అడిగి చూడండి.

గుంటూరు మైకు (ఆదివారం, రాత్రి 7:10)

అడిగాను. వాడు `mirchi ac rate` అని కొడతానన్నాడు.